సగం నీకు, సగం నాకు: డెవలప్‌మెంట్ అగ్రిమెంటు వెనక నలభై ఏళ్ల కథ

పోయిన ఎపిసోడ్‌లో అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టం గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "మా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇమ్మంటున్నారండీ, ఫిఫ్టీ ఫిఫ్టీ అంటున్నారు, ఇవ్వొచ్చా?" అని. ఇవ్వొచ్చా వద్దా అని నేను చెప్పలేను. కానీ ఈ ఫిఫ్టీ ఫిఫ్టీ అనే మాట ఎక్కడినుంచి వచ్చింది, ఆ కాగితం ఎలా తయారైంది, అందులో స్థలం ఓనరు ఎక్కడెక్కడ దెబ్బతిన్నాడు అనేది చరిత్రే. అది చెప్తాను.

ముందు మా పెద్దమ్మ కథ. హైదరాబాదులో ఆవిడకి 450 గజాల్లో పెంకుటిల్లు ఉండేది. 1994లో ఒక బిల్డర్ వచ్చాడు. ఇల్లు పడగొట్టి, కింద పార్కింగు, పైన మూడు అంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. మొత్తం ఆరు. మూడు నీకు, మూడు నాకు. మా పెద్దమ్మ రూపాయి పెట్టక్కర్లేదు. సంతకం పెట్టింది. రెండేళ్లలో మూడు ఫ్లాట్లూ చేతికొచ్చాయి. అందరం సంతోషించాం. మోసం ఏమైనా జరిగిందని పదిహేనేళ్ల దాకా మాకు తెలియనే లేదు. అదేంటో చివర్లో చెప్తాను, ఎందుకంటే అది అర్థం కావాలంటే ముందు ఈ కాగితం అర్థం కావాలి.

అసలు బిల్డర్ స్థలం ఎందుకు కొనడు? కొనుక్కుని కట్టుకుని అమ్ముకోవచ్చు కదా. 1976లో వచ్చిన సీలింగ్ చట్టం ప్రకారం హైదరాబాద్ లాంటి నగరంలో ఒకరి పేరు మీద ఖాళీ స్థలం వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు 1,200 గజాలు మించకూడదు. నాలుగైదు చోట్ల ఒకేసారి కట్టాలనుకునే బిల్డర్ అన్ని స్థలాలూ తన పేరున పెట్టుకుంటే చిక్కే. స్థలం ఓనరు పేరు మీదే ఉంచి, కట్టే హక్కూ అమ్మే హక్కూ మాత్రం రాయించుకుంటే ఆ చిక్కు లేదు. ఇది ఒక కారణం. రెండో కారణం డబ్బు. స్థలం కొనడానికి బిల్డర్‌కి బ్యాంకు అప్పు పుట్టదు. కొంటే స్టాంపు డ్యూటీ కట్టాలి, పెట్టుబడి మొత్తం మొదటి రోజే మట్టిలో ఇరుక్కుపోతుంది. ఓనరుని భాగస్థుడు అంటే అదేదీ అక్కర్లేదు. కేంద్రం 1999లో సీలింగ్ చట్టాన్ని రద్దు చేసింది, మన ఉమ్మడి రాష్ట్రం 2008లో ఆ రద్దుని ఒప్పుకుంది. చట్టం పోయింది కానీ పద్ధతి పోలేదు. రెండో కారణం అలాగే ఉంది కాబట్టి.

అలా పుట్టిందే మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కనపడే డాక్యుమెంటు. దాని పేరే రెండు ముక్కలు: డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. మొదటి ముక్క ఎవరికి ఎంత అని చెప్తుంది. రెండో ముక్క బిల్డర్ మీ తరఫున సంతకం పెట్టొచ్చు అని చెప్తుంది. జనం మొదటి ముక్క మీద నెలల తరబడి బేరాలాడతారు. రెండో ముక్క చదవకుండా సంతకం పెడతారు. ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు మొదటి ముక్క. సగం సగం అనేది న్యాయంగా వినిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ వీధి అంకెలు మీరు పెట్టుకోండి.

600 గజాల స్థలం. గజం 80 వేలు అనుకుందాం. అంటే ఓనరు పెడుతున్నది 4 కోట్ల 80 లక్షలు. దాని మీద అయిదు అంతస్తులు, 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లు పది, మొత్తం 15,000 అడుగులు. పర్మిషన్ ఫీజులతో సహా కట్టడానికి బిల్డర్‌కి 3 కోట్ల 70 లక్షలు అవుతుందనుకుందాం. ఇద్దరిదీ కలిపితే 8 కోట్ల 50 లక్షలు. అందులో ఓనరు పెట్టింది ఎంత? నూటికి 56 చిల్లర. కాబట్టి ఇద్దరూ పెట్టినదాన్ని బట్టి పంచుకోవాలంటే ఓనరుకి 56 శాతం రావాలి.

ఇప్పుడు అడుగు 7 వేలకి అమ్ముడైంది అనుకోండి. మొత్తం 10 కోట్ల 50 లక్షలు. సగం సగం అంటే చెరి 5 కోట్ల 25 లక్షలు. ఓనరు 4.80 పెట్టి 5.25 తీసుకున్నాడు, మిగిలింది 45 లక్షలు. బిల్డర్ 3.70 పెట్టి 5.25 తీసుకున్నాడు, మిగిలింది కోటీ 55 లక్షలు. అందులోనూ ఆ 3.70 అంతా ఆయన జేబులోది కాదు, సగం కట్టేసరికి తన వాటా ఫ్లాట్లకి అడ్వాన్సులు వస్తుంటాయి. ఓనరు మూడేళ్లు ఆగాడు. ఆ 4.80 ని ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసినా మూడేళ్లకి కోటి రూపాయలు వచ్చేవి. మరి ఎవరు ఎవరికి సాయం చేసినట్టు?

ఇదే స్థలం ఊరి చివర ఉండి, గజం 25 వేలే అయితే ఓనరు పెట్టింది కోటిన్నర, బిల్డర్ పెట్టింది 3.70. అప్పుడు ఓనరు న్యాయమైన వాటా 29 శాతం దగ్గరకి పడిపోతుంది. అక్కడ 35 ఇస్తానంటే మంచి బేరమే. అంటే వాటా శాతం బిల్డర్ మంచితనాన్ని బట్టి కాదండీ, గజం రేటుకీ కట్టే ఖర్చుకీ ఉన్న నిష్పత్తిని బట్టి తేలాలి. కట్టే ఖర్చు నగరమంతా ఇంచుమించు ఒకటే. గజం రేటు వీధి వీధికీ మారుతుంది. పక్క కాలనీలో వాళ్లకి ఎంత ఇచ్చారు అని అడిగి సరిపెట్టుకుంటే లెక్క తప్పేది అందుకే.

ఇక శాతం దేని మీద అన్నది ఇంకో సంగతి. అగ్రిమెంటు రాసేనాటికి ప్లాన్ ఇంకా మంజూరు కాదు. కాబట్టి అందులో శాతం మాత్రమే రాస్తారు. మంజూరైన తర్వాత ఏ ఫ్లాటు ఎవరిది అని సప్లిమెంటరీ అగ్రిమెంటు ఇంకోటి రాసుకోవాలి. చాలామంది దీన్ని వాయిదా వేస్తారు, లేదా తెల్ల కాగితం మీద రాసుకుని ఊరుకుంటారు. అప్పుడు సగం అడుగులు వస్తాయి కానీ, రోడ్డు వైపు తూర్పు గుమ్మం ఫ్లాట్లన్నీ ఒకరికి, వెనక సందు వైపువన్నీ ఇంకొకరికి అవుతాయి. అడుగులు సమానం, ధర సమానం కాదు. కారు పార్కింగులూ అంతే. సప్లిమెంటరీ కూడా రిజిస్టర్ అయ్యేదాకా పాత ఇల్లు కూల్చనివ్వకపోవడం మంచిది. ఇల్లు కూలాక ఓనరు చేతిలో బేరమాడే బలం ఉండదు.

ఇక్కడ మన దగ్గరే ఉన్న ఒక ప్రత్యేకమైన సంగతి చెప్పాలి. 2006 మార్చిలో హైదరాబాదుకి కొత్త బిల్డింగ్ రూల్స్ వచ్చాయి, జీవో 86. అంతకుముందు స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలి అని ఉన్న పరిమితి తీసేసి, రోడ్డు వెడల్పునీ వదిలే ఖాళీనీ బట్టి ఎత్తు నిర్ణయించారు. పాత ఇళ్లకి బిల్డర్లు క్యూ కట్టడానికి ఇది పెద్ద కారణం. అయితే అదే రూల్స్‌లో ఒక తాళం కూడా పెట్టారు. ప్లాన్ దాటి కట్టకుండా ఉండటానికి, కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం కింది అంతస్తుల్లో మున్సిపాలిటీకి హామీగా రాసివ్వాలి. ప్లాన్ ప్రకారం కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్ని విడుదల చేస్తారు. 2012లో వచ్చిన జీవో 168 లోనూ ఈ పద్ధతి కొనసాగింది.

మన లెక్కలో 15,000 అడుగుల్లో పది శాతం అంటే 1,500. అంటే సరిగ్గా ఒక ఫ్లాటు. అది ఎవరి ఫ్లాటు? అగ్రిమెంటులో రాయకపోతే ఓనరుది అయ్యే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే బిల్డర్ తన ఫ్లాట్లు తొందరగా అమ్ముకోవాలి, హామీలో ఉన్నదాన్ని అమ్మలేడు. తర్వాత ఆయన ప్లాన్ దాటి కట్టాడనుకోండి. సర్టిఫికెట్ రాదు. హామీలో ఉన్న ఫ్లాటు విడుదల కాదు. తప్పు చేసింది బిల్డర్, ఇరుక్కుంది ఓనరు ఆస్తి. అదే హామీ ఫ్లాటు బిల్డర్ వాటాలో ఉంటే, సర్టిఫికెట్ కోసం ఆయనే తిరుగుతాడు. అగ్రిమెంటులో ఒక్క వాక్యం ఉంటే చాలు, తాళం చెవి ఎవరి జేబులో ఉండాలో అది తేలుస్తుంది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. దీనికి మన తెలుగు నేల మీద జరిగిన కేసే ఉంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశాఖపట్నం బుచ్చిరాజుపాలెంలో ఒక ఓనరు 2004లో తన స్థలాన్ని బిల్డర్‌కి ఇచ్చారు. అయిదు అంతస్తులు. ఓనరుకి 40, బిల్డర్‌కి 60. ప్లాన్ మంజూరైన 19 నెలల్లో కట్టాలి, కట్టకపోతే ఓనరు వాటా ఫ్లాటు ఒక్కోదానికి నెలకి 2,000 రూపాయల అద్దె ఇవ్వాలి. ఇదీ ఒప్పందం. ఆయన చేతికి వచ్చింది 2009లో. సుమారు మూడేళ్ల ఆలస్యం. ప్లాన్‌లో తేడాలు, పూర్తి చెయ్యని పనులు అదనం.

ఆ 2,000 అంకెని ఒకసారి చూడండి. మూడేళ్లకి ఫ్లాటుకి 72 వేలు. మార్కెట్ పెరుగుతున్న రోజుల్లో బిల్డర్ తన ఫ్లాటు మూడేళ్లు ఆపి అమ్మితే అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. అంటే ఆ జరిమానా ఆయన్ని తొందరపెట్టదు, పైగా ఆలస్యానికి చవగ్గా రేటు కట్టిస్తుంది. జరిమానా ఆరు నెలలకోసారి పెరిగేలా ఉండాలి, ఒక గడువు దాటితే మిగిలిన పని వేరేవాళ్లతో చేయించుకుని ఆ ఖర్చు బిల్డర్ వాటాలోంచి తీసుకునే హక్కు ఓనరుకి ఉండాలి.

ఆ ఓనరు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. అక్కడ బిల్డర్లు ఎప్పుడూ చెప్పే వాదనే వచ్చింది: "ఈయన మా కస్టమర్ కాదు, మా పార్ట్‌నర్. ఇది జాయింట్ వెంచర్. లాభం కోసం వ్యాపారం చేసినవాడు వినియోగదారుడు ఎలా అవుతాడు?" ఈ ఒక్క ప్రశ్న మీద కేసు పై కోర్టులకి ఎక్కుతూ పోయింది. 2016 జులైలో సుప్రీంకోర్టు ఆయన వినియోగదారుడే అని చెప్పింది. ఒప్పందం నుంచి లెక్కేస్తే పన్నెండేళ్లు.

నిజానికి దీనికి జవాబు 2008లోనే వచ్చింది. ఢిల్లీ కైలాష్ కాలనీలో 1991లో ఒక ఓనరు తన పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చారు. గ్రౌండ్ ఫ్లోర్, కొంత నగదు ఓనరుకి, పై అంతస్తులు బిల్డర్‌కి. ఫకీర్ చంద్ గులాటి కేసు అంటారు దీన్ని. సుప్రీంకోర్టు ఏమందంటే, కాగితం మీద జాయింట్ వెంచర్ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అయిపోదు. నిజమైన భాగస్వామ్యంలో ఇద్దరికీ లాభనష్టాల్లో వాటా ఉండాలి, పని మీద ఇద్దరికీ అదుపు ఉండాలి. ఇక్కడ ఓనరుకి కట్టడం మీద ఏ అదుపూ లేదు. ఆయన బిల్డర్ చేత ఇల్లు కట్టించుకుంటున్నాడు, కూలి డబ్బు రూపంలో కాకుండా స్థలం రూపంలో ఇస్తున్నాడు, అంతే. కాబట్టి సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చెయ్యొచ్చు. 1991 అగ్రిమెంటు, 2008 తీర్పు. పదిహేడేళ్లు.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. ఆ తీర్పు ఓనరుని కాపాడింది ఆయనకి అదుపు లేదు కాబట్టి. బిల్డర్‌తో కలిసి నిజంగానే లాభనష్టాలు పంచుకుంటాం, నిర్మాణం మీద ఉమ్మడి పెత్తనం ఉంటుంది అని సంతకం పెడితే ఆ రక్షణ బలహీనమవుతుంది. అమ్మిన డబ్బులో వాటా తీసుకునే ఒప్పందాల్లో ఇది జాగ్రత్తగా చూసుకోవాలి.

పన్ను గురించి ఒక్కమాట. పూర్వం చాలా అన్యాయంగా ఉండేది. స్థలం బిల్డర్‌కి అప్పజెప్పిన సంవత్సరమే అమ్మినట్టు లెక్కగట్టి క్యాపిటల్ గెయిన్స్ కట్టమనేవారు. ఫ్లాటు ఇంకా పునాదిలోనే ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు, పన్ను మాత్రం కట్టాలి. 2014లో మన హైకోర్టు కూడా అలాగే తీర్పు ఇచ్చింది. 2017 బడ్జెట్‌లో దీన్ని మార్చారు. వ్యక్తులకీ హిందూ ఉమ్మడి కుటుంబాలకీ, రిజిస్టర్ అయిన ఒప్పందమైతే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన సంవత్సరంలో పన్ను. కానీ సర్టిఫికెట్ రాకముందే మీ వాటా ఫ్లాటు అమ్మేస్తే ఈ సదుపాయం దానికి వర్తించదు. కూతురి పెళ్లికని మధ్యలో ఒక ఫ్లాటు అమ్ముకునేవాళ్లు ఆడిటర్‌ని అడక్కుండా ఆ పని చెయ్యకండి.

ఇప్పుడు రెండో ముక్కకి వద్దాం. జీపీఏ. 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో, జీపీఏ మీద స్థలాలు అమ్ముకోవడం అమ్మకం కాదు, దానివల్ల హక్కు రాదు అంది. అది విని చాలామంది "అయితే బిల్డర్ దగ్గరున్న జీపీఏ కూడా చెల్లదు" అనుకుంటారు. తప్పు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కింద నిజంగా ఇచ్చిన జీపీఏలకి ఈ తీర్పు అడ్డు కాదని అదే తీర్పులో ఉంది. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 202వ సెక్షన్ ఉంది. ఏజెంటుకి ఆ ఆస్తిలో తనకంటూ ప్రయోజనం ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, అతనికి నష్టం కలిగేలా ఆ అధికారం వెనక్కి తీసుకోలేరు. బిల్డర్‌కి తన వాటా ఉంది కాబట్టి, గొడవ వచ్చింది కదా అని ఓనరు వెళ్లి జీపీఏ రద్దు చేసేద్దాం అంటే అంత తేలిక కాదు. ఇచ్చేటప్పుడే కొలిచి ఇవ్వాలి.

ఎలా కొలవాలి? ఇప్పుడు మా పెద్దమ్మ దగ్గరకి వెళ్దాం. ఆవిడ 450 గజాలు, ఆరు ఫ్లాట్లు. ఫ్లాటుకి 75 గజాల అవిభాజ్య వాటా. ఆవిడ మూడు ఫ్లాట్లకి 225, బిల్డర్ మూడింటికి 225. జీపీఏలో మాత్రం "షెడ్యూలు ఆస్తిలో వాటాలు అమ్ముటకు" అని రాశారు. షెడ్యూలు ఆస్తి అంటే మొత్తం 450 గజాలు. బిల్డర్ తన మూడు ఫ్లాట్లూ 75 చొప్పున అమ్మాడు. ఆ తర్వాత డాబా మీద, ప్లాన్‌లో లేకుండా, రెండు గదులూ వంటిల్లూ వేసి ఏడో ఫ్లాటుగా ఇంకొకరికి 35 గజాల వాటాతో రిజిస్టర్ చేశాడు. ఆ 35 ఎక్కడివి? తనవి 225 అప్పటికే అయిపోయాయి. మా పెద్దమ్మవే. మొత్తం 260 బయటికి పోయాయి, ఆవిడకి మిగిలింది 190. రిజిస్ట్రేషన్ మీద ఆవిడ తరఫున సంతకం ఉంది, బిల్డర్ పెట్టినది, ఆవిడ ఇచ్చిన అధికారంతో.

మాకు ఎప్పుడు తెలిసింది? 2009లో డాబా మీది కట్టడం అక్రమమని నోటీసు వచ్చినప్పుడు. ప్లాన్‌కి దరఖాస్తు ఆవిడ పేరునే కాబట్టి నోటీసూ ఆవిడ పేరునే వచ్చింది. అప్పుడు ఈసీ తీయించాం. ఒక్కొక్క డాక్యుమెంటులో గజాలు వరసగా రాసి కూడితే బయటపడింది. ఇది ఎవరైనా చెయ్యగలిగిన పనే, ఒక పూట పడుతుంది. కూడిక బిల్డర్ వాటా దాటితే ఏదో జరిగినట్టే. పదిహేనేళ్లలో మేము ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఏడో ఫ్లాటు కొన్నాయన మంచివాడే, రిటైరైన టీచరు, ఆయనా మోసపోయాడు. ఆయన్ని వెళ్లగొట్టమని కోర్టుకెళ్లడానికి మా పెద్దమ్మకి మనసొప్పలేదు. బిల్డర్ అప్పటికి ఊళ్లో లేడు. ఆ 35 గజాలు అలాగే పోయాయి. ఇప్పుడు ఆ బిల్డింగు పాతబడి మళ్లీ కూల్చి కడదామన్న మాట వచ్చింది. ఈసారి వాటా లెక్క 225 మీద కాదు, 190 మీద.

ఆ జీపీఏలో మూడు వాక్యాలు ఉంటే సరిపోయేది. ఒకటి, ఫలానా నంబర్ల ఫ్లాట్లు, వాటికి ఇన్ని గజాలు మాత్రమే అమ్మవచ్చు. రెండు, తన వాటా తప్ప స్థలాన్ని తాకట్టు పెట్టే అధికారం లేదు. మూడు, పని ఇంతయితే ఇన్ని ఫ్లాట్లు అమ్మవచ్చు, చివరి ఫ్లాటు మాత్రం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతిలో పెట్టాకే. ఈ మూడో వాక్యానికి ఒప్పుకోని బిల్డర్, పని పూర్తవకముందే వెళ్లిపోయే దారి ఒకటి తెరిచి ఉంచుకోవాలనుకుంటున్నాడని అర్థం.

మీ ఇంట్లో పాత అగ్రిమెంటు ఉంటే తీసి ఆ రెండో ముక్క చదవండి. ఈసీ తీయించి గజాలు కూడండి. లెక్క తేడా వస్తే డాక్యుమెంట్లన్నీ పట్టుకుని ముందు లాయరు దగ్గరకి వెళ్లండి, బిల్డర్ దగ్గరకి తర్వాత. వచ్చే ఎపిసోడ్‌లో అవిభాజ్య వాటా అనే ఆలోచన 1987 అపార్ట్‌మెంట్ చట్టంలోకి ఎలా వచ్చిందో మాట్లాడుకుందాం. సెలవు.